ఉద్యోగం పోయిన ఉత్తరంలో ఏముండాలి?

డొమెస్టిక్ ఎంక్వైరీ ముగిసి తప్పు రుజువైందని తేలాక కార్మికుడి చేతికి వచ్చే ఉత్తరం సాధారణంగా రెండు పేజీలకు మించదు. చాలామంది అందులో ఒక్క వాక్యమే చదువుతారు: ‘మిమ్మల్ని సర్వీసు నుంచి తొలగిస్తున్నాం.’ ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. యాజమాన్యం వైపు కూడా చాలాచోట్ల అంతే. పర్సనల్ డిపార్టుమెంటులో పాత ఉత్తరం ఒకటి తీసి, పేరు, తేదీ మార్చి సంతకానికి పెడతారు. తర్వాత లేబర్ కోర్టులో ఈ రెండు పేజీలనే వాక్యం వాక్యంగా విప్పి చూస్తారు. ఏ తప్పు రుజువైంది, ఏ రోజు నుంచి ఉద్యోగం పోయింది, ఎంత డబ్బు రావాలి అనే మూడు ప్రశ్నలకు ఉత్తరంలో సరైన జవాబు ఉండాలి. ఒక్కటి తప్పినా ఇరుపక్కలా ఏళ్ల తరబడి నష్టమే.

ఈ మూడింటినీ ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది విషయం అర్థం కావడానికి కల్పించుకున్న కేసు. కానీ ఇందులోని పొరపాట్లు పారిశ్రామికవాడల్లో మామూలుగా జరిగేవే.

కేసు ఇదీ

హైదరాబాద్ శివారులో ఒక ఫ్యాక్టరీ. స్టోర్స్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్న అసిస్టెంటు. బేసిక్, డీఏ కలిపి నెలకు 26,000 రూపాయలు. స్టాకు లెక్క చూసినప్పుడు 38,000 రూపాయల రాగి కేబుల్ తగ్గింది. డిసెంబరు 1న ఆయన్ని సస్పెండ్ చేసి ఛార్జిషీటు ఇచ్చారు. అందులో రెండు అభియోగాలు. మొదటిది, ఆ కేబుల్‌ను ఆయనే దొంగిలించి బయటికి పంపారని. రెండోది, ఇష్యూ స్లిప్పు మీద సంతకం తీసుకోకుండా మూడుసార్లు సరుకు ఇచ్చేసి, తన నిర్లక్ష్యంతో కంపెనీకి నష్టం తెచ్చారని.

ఆయన ఇచ్చిన సంజాయిషీ యాజమాన్యానికి తృప్తినివ్వలేదు. ఎంక్వైరీ ఆఫీసర్‌ను నియమించారు. తోడుగా మాట్లాడటానికి ఆయన ఒక తోటి కార్మికుణ్ని తెచ్చుకున్నారు. కంపెనీ సాక్షులుగా స్టోర్స్ ఇన్‌ఛార్జి, సెక్యూరిటీ గార్డు, ఆడిట్ చేసిన అకౌంటెంటు వచ్చారు. ఒక్కొక్కరిని ఈయన తరఫున ఎదురు ప్రశ్నలు అడిగారు. ప్రతి పేజీ మీద అందరూ సంతకాలు చేశారు. చివరికి ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టులో రాసింది ఇది: కేబుల్‌ను ఈయన బయటికి తీసుకెళ్లినట్టు చూసినవాళ్లు లేరు, గేటు రిజిస్టర్‌లో ఆధారం లేదు, కాబట్టి మొదటి అభియోగం రుజువు కాలేదు. సంతకం లేని స్లిప్పులు మూడూ ఈయన చేతిరాతే, అది ఆయనే ఒప్పుకున్నారు, కాబట్టి రెండో అభియోగం రుజువైంది.

ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. డొమెస్టిక్ ఎంక్వైరీకి క్రిమినల్ కోర్టులో అడిగేంత రుజువు అక్కర్లేదు. జరిగే ఉంటుందని నమ్మడానికి తగిన ఆధారం చాలు. కానీ ఆ కాస్త ఆధారమైనా ఉండాలి. అనుమానం ఎంత బలంగా ఉన్నా అది ఆధారం కాదు.

రిపోర్టు ముందు, శిక్ష తర్వాత

రిపోర్టు అందగానే టెర్మినేషన్ ఉత్తరం టైపు చేయించడం చాలా కంపెనీలు చేసే మొదటి తప్పు. మధ్యలో ఒక మెట్టు ఉంది, అది పెద్ద న్యాయపోరాటంతో స్థిరపడింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ, దాని ఉద్యోగి కరుణాకర్ మధ్య నడిచిన కేసులో 1993లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎంక్వైరీ చేసింది ఒకరు, శిక్ష వేసేది మరొకరు అయినప్పుడు, శిక్ష నిర్ణయించే ముందే ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి, దానిమీద ఆయన చెప్పేది వినాలి. ఉద్యోగి అడగలేదనో, కంపెనీ రూల్సులో లేదనో తప్పించుకోవడానికి లేదు. ప్రభుత్వ సంస్థకైనా ప్రైవేటు సంస్థకైనా ఇదే వర్తిస్తుంది.

ఆ తీర్పులోనే రెండో భాగం కూడా ఉంది. రిపోర్టు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉద్యోగం దానంతటదే తిరిగి రాదు. కోర్టు ముందు కాపీ ఇప్పించి, అది అందకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా అన్యాయం జరిగిందా అని చూస్తుంది. కాబట్టి ‘రిపోర్టు నాకివ్వలేదు’ అనడంతో సరిపోదు. ఇచ్చి ఉంటే ఏ సంగతి చూపించగలిగేవారో కూడా కార్మికుడు చెప్పగలగాలి.

మన కేసులో కంపెనీ రిపోర్టు కాపీతో పాటు షోకాజ్ నోటీసు ఇచ్చింది. రెండో అభియోగం రుజువైనందుకు డిస్మిస్ చేయాలని అనుకుంటున్నామని, గతంలో ఇదే తప్పుకు రెండు వార్నింగులు ఇచ్చిన సంగతినీ లెక్కలోకి తీసుకుంటామని, 38,000 రూపాయల నష్టాన్ని గ్రాట్యుటీలో మినహాయించాలనుకుంటున్నామని అందులో రాసింది. ఈ మూడూ ముందే చెప్పడం చాలా అవసరం. పాత వార్నింగుల ఊసు నోటీసులో లేకుండా నేరుగా శిక్ష ఉత్తరంలో దింపితే, వాటికి జవాబు చెప్పుకునే వీలు ఆ మనిషికి ఎప్పుడూ దక్కనట్టే. ఆ వార్నింగుల కాగితాలు ఆయన ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. వాటిలో ఒకటి వేరొకరిది అయి ఉండవచ్చు.

మొదటి ప్రశ్న: ఏ తప్పు రుజువైంది?

ఇప్పుడు ఉత్తరానికి వద్దాం. తయారైన మొదటి డ్రాఫ్టులో ఈ పేరా ఉంది:

‘మీరు కంపెనీ సొత్తు దొంగిలించి, తీవ్రమైన నిర్లక్ష్యం చూపినట్టు ఎంక్వైరీలో రుజువైనందున...’

ఇది నిజం కాదు. దొంగతనం రుజువు కాలేదని ఎంక్వైరీ ఆఫీసరే రాశారు. డ్రాఫ్టు తయారుచేసినవారు ఛార్జిషీటు ముందు పెట్టుకుని రాశారు తప్ప రిపోర్టు చూడలేదు. ఇలాంటి ఉత్తరాల్లో తరచుగా కనిపించే లోపం ఇదే. అభియోగం వేరు, నిర్ధారణ వేరు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ‘దొంగ’ అన్న మాట ఆ కాగితంతో పాటు ఆయన్ని వెంటాడుతుంది. మరో ఫ్యాక్టరీ గేటు దగ్గర అడ్డు తగులుతుంది. గ్రాట్యుటీకీ ఎసరు పెడుతుంది.

ఎంక్వైరీ ఆఫీసర్ చెప్పినదానితో శిక్ష వేసే అధికారి ఏకీభవించకపోవచ్చు. ఆ హక్కు ఆయనకుంది. కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు, కుంజ్ బిహారీ మిశ్రా కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఎంక్వైరీ ఆఫీసర్ ‘రుజువు కాలేదు’ అన్నదాన్ని ‘రుజువైంది’ అని మార్చాలనుకునే అధికారి, తనకెందుకు అలా తోస్తోందో కారణాలు ముందు ఉద్యోగికి రాతపూర్వకంగా తెలిపి, ఆయన మాట విని, ఆ తర్వాతే నిర్ణయానికి రావాలి. టెర్మినేషన్ ఉత్తరంలో గుట్టుగా మార్చేయడానికి వీల్లేదు.

సరైన పేరా ఇలా ఉంటుంది:

‘మీపై మోపిన రెండు అభియోగాల్లో, కేబుల్ దొంగతనానికి సంబంధించిన మొదటిది రుజువు కాలేదని ఎంక్వైరీ ఆఫీసర్ నిర్ధారించారు, దానితో నేను ఏకీభవిస్తున్నాను. రెండో అభియోగం విషయంలో, మూడు ఇష్యూ స్లిప్పులపై తీసుకున్నవారి సంతకం లేకపోవడం, ఆ స్లిప్పులు మీరే రాసినట్టు మీరు ఒప్పుకోవడం, స్టోర్స్ ఇన్‌ఛార్జి సాక్ష్యం ఆధారంగా అది రుజువైందని అంగీకరిస్తున్నాను. పని ఒత్తిడి వల్ల సంతకాలు తీసుకోలేకపోయానని షోకాజ్ నోటీసుకు మీరిచ్చిన జవాబు పరిశీలించాను. ఇదే తప్పుకు ఇంతకుముందు రెండుసార్లు హెచ్చరించినందున ఆ కారణం ఒప్పుకోదగినదిగా లేదు.’

ఈ పేరాలో తిట్టు లేదు, ఉపదేశం లేదు. ఏ అభియోగం, ఏ ఆధారం, జవాబులో ఏముంది, దాన్ని ఎందుకు ఒప్పుకోలేదు అనే నాలుగు సంగతులూ ఉన్నాయి. ‘మీ జవాబు తృప్తికరంగా లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే ఉత్తరం ఆ జవాబును ఎవరూ చదవలేదన్న అనుమానానికి తావిస్తుంది. చదివి, బుర్ర పెట్టి ఆలోచించినట్టు కాగితం మీద కనిపించాలి.

ఉత్తరం కింద సంతకం ఎవరిదన్నది కూడా చూడాలి. శిక్ష వేసే అధికారం స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం ఎవరికుందో వారే సంతకం చేయాలి. ఎంక్వైరీలో సాక్షిగా వచ్చిన స్టోర్స్ ఇన్‌ఛార్జే తర్వాత డిస్మిసల్ ఉత్తరం మీద సంతకం చేస్తే, సాక్షే తీర్పరి అయినట్టు.

రెండో ప్రశ్న: ఏ రోజు నుంచి?

డ్రాఫ్టులో రెండో లోపం తేదీ దగ్గర దొర్లింది. ఉత్తరం ఫిబ్రవరి 28న తయారైంది. కానీ అందులో ‘మీరు సస్పెండ్ అయిన డిసెంబరు 1 నుంచి మీ సర్వీసు రద్దయినట్టు’ అని రాశారు. చాలామందికి ఇది సహజంగానే తోస్తుంది. పనికి రావడం ఆ రోజే ఆగింది కదా అనుకుంటారు.

సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోవడం కాదు. పని చేయనివ్వరు, కానీ యజమాని–ఉద్యోగి సంబంధం అలాగే ఉంటుంది. అందుకే ఆ కాలానికి జీవనభృతి ఇస్తారు. మొదటి 90 రోజులు వేతనంలో సగం. ఎంక్వైరీ ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి 28 వరకు సరిగ్గా 90 రోజులు. నెలకు 13,000 చొప్పున మూడు నెలలకు 39,000 రూపాయలు. తేదీని డిసెంబరు 1కి వెనక్కి జరిపితే ఈ మొత్తానికి ఆధారమే పోతుంది. ఇచ్చిన రెండు నెలల భృతిని తిరిగి రాబట్టమని, మూడో నెలది ఆపమని అకౌంట్స్‌లో ఎవరో ఒకరు నోటు పెడతారు. ఆ మూడు నెలలు ఆ కుటుంబం తిన్న తిండికి లెక్క అడిగినట్టు అవుతుంది.

కోర్టులు దీన్ని ఒప్పుకోవు. మద్రాసు ప్రభుత్వోద్యోగి జీవరత్నం కేసులో, సస్పెన్షన్ తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన డిస్మిసల్ ఉత్తర్వును సుప్రీంకోర్టు రెండుగా విడదీసి చూసింది. ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి అది చెల్లుతుంది, వెనకటి తేదీకి సంబంధించిన భాగం చెల్లదు అని తేల్చింది. పైగా ఉత్తర్వు ఫైలులో ఉన్నంతకాలం అది ఉత్తర్వు కాదు. ఉద్యోగికి తెలియజేసినప్పుడే అమల్లోకి వస్తుంది.

కాబట్టి మన ఉత్తరంలో ఉండాల్సిన మాట ‘ఫిబ్రవరి 28, ఈ ఉత్తరం మీకు అందిన సమయం నుంచి’. ఆ రోజే ఆయన్ని పిలిచి, తెలుగు ప్రతితో సహా చేతికిచ్చి, కాపీ మీద ‘అందింది’ అని తేదీ వేసి సంతకం తీసుకోవాలి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల ముందు ఆ సంగతి రాసి, ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపాలి. అప్పుడు అమలు తేదీ విషయంలో కూడా పోస్టు అందిన రోజు చూసుకోవాలి. కార్మికుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ‘అందింది’ అని సంతకం పెట్టడం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. సంతకం పెట్టనని మొండికేస్తే చేతికి రావాల్సిన కాగితం పోస్టులో తిరుగుతుంది తప్ప ఉద్యోగం నిలవదు.

ఈ తేదీ దగ్గరే ఇంకో జాగ్రత్త ఉంది. ఆ ఫ్యాక్టరీలో అప్పటికే వేతన ఒప్పందం లాంటి వివాదం కన్సిలియేషన్ ఆఫీసర్ ముందో ట్రిబ్యునల్ ముందో నడుస్తుంటే, దానితో సంబంధం లేని తప్పుకు డిస్మిస్ చేసినా ఒక నెల వేతనం చేతిలో పెట్టాలి, ఆ చర్యకు ఆమోదం కోరుతూ అక్కడ దరఖాస్తు చేయాలి. ఇది చేయకపోతే డిస్మిసల్ చెల్లనే చెల్లదని 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

మూడో ప్రశ్న: ఎంత రావాలి?

‘డిస్మిస్ అయినవాడికి ఏమీ రాదు’ అనే మాట షాప్‌ఫ్లోర్ మీద బలంగా పాతుకుపోయింది. అది తప్పు. డిస్మిసల్ వల్ల పోయేవి కొన్ని ఉన్నాయి. నోటీసు పే రాదు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు, ఎందుకంటే ఇది రిట్రెంచ్‌మెంట్ కాదు. కానీ ఇప్పటికే సంపాదించుకున్నది శిక్షలో భాగం కాదు.

మన కేసు లెక్క చూద్దాం. ఫిబ్రవరి నెల జీవనభృతి 13,000. వాడుకోని ఎర్న్‌డ్ లీవు 22 రోజులుంది. రోజుకు వెయ్యి చొప్పున 22,000. డిస్మిస్ చేసినా లీవు డబ్బు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇక గ్రాట్యుటీ. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. 26,000ని 26తో భాగిస్తే 1,000. దాన్ని 15తో, 14తో హెచ్చిస్తే 2,10,000 రూపాయలు.

గ్రాట్యుటీ ఆపడానికి చట్టం రెండు దారులే ఇచ్చింది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవే ఉన్నాయి. ఉద్యోగి చర్య వల్లో నిర్లక్ష్యం వల్లో యజమాని ఆస్తికి నష్టం కలిగితే, ఆ నష్టం మేరకు మాత్రమే కోయవచ్చు. హింస, అల్లరి, లేదా నైతిక పతనం కిందికి వచ్చే నేరం కారణంగా తొలగిస్తే మొత్తంగా గానీ కొంత గానీ ఆపవచ్చు. దొంగతనం, మోసం ఈ రెండో దారిలోకి వస్తాయి. ఇందుకు క్రిమినల్ కోర్టులో శిక్ష పడి ఉండాల్సిన పనిలేదని 2025లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, టికెట్ డబ్బు కాజేసినట్టు తేలిన బస్సు కండక్టర్ల గ్రాట్యుటీలో కోతను 25 శాతానికే పరిమితం చేసింది. తప్పు ఎంతో కోత అంత అన్నమాట.

దొంగతనం రుజువు కాలేదన్న నిర్ధారణ ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. మొదటి డ్రాఫ్టే బయటికి వెళ్లి ఉంటే 2,10,000 మొత్తం ఆపేసేవారు. నిర్ధారణలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే కోత 38,000కే పరిమితం. ఆ 38,000 కూడా ఎవరో చెప్పిన అంకె కాకూడదు. ఆడిట్ లెక్కలో తగ్గిన కేబుల్ ఎంత, దాని ధర ఎంత అన్నది ఎంక్వైరీలో నిలబడి ఉండాలి, కోతకు ముందుగా నోటీసు ఇచ్చి ఉండాలి. మన కేసులో రెండూ జరిగాయి. మిగిలే గ్రాట్యుటీ 1,72,000. భృతి, లీవు డబ్బు కలిపితే మొత్తం 2,07,000 రూపాయలు.

పీఎఫ్ ఈ లెక్కలోకే రాదు. అది ఉద్యోగి ఖాతాలోని సొమ్ము. ఏ నష్టం పేరుతోనూ కంపెనీ దాన్ని తాకకూడదు. పీఎఫ్ రికార్డులో ఉద్యోగం ముగిసిన తేదీ నమోదు చేయడం మాత్రం కంపెనీ బాధ్యత. కోపంతోనో అలసత్వంతోనో దాన్ని వదిలేస్తే, డబ్బు తీసుకోవడానికి వెళ్లిన మనిషి అక్కడ ఆగిపోతాడు.

ఎప్పటిలోగా ఇవ్వాలన్నది కూడా ఉత్తరంలో ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తొలగించిన రెండు పనిదినాల్లోగా వేతన బకాయిలు చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ‘నో డ్యూస్ సర్టిఫికెట్ తెస్తేనే సెటిల్‌మెంట్’ అని రాసే కంపెనీలు ఈ గడువులు మరచిపోతున్నాయి. ఐడీ కార్డు, తాళాలు అప్పగించమని అడగడం న్యాయమే, దాని పేరుతో డబ్బు నెలల తరబడి ఆపడం న్యాయం కాదు.

ఉత్తరం అందుకున్నాక

డబ్బు తీసుకుంటే కేసు వేసే హక్కు పోతుందన్న భయంతో కొందరు చెక్కు తిప్పి పంపేస్తారు. అవసరం లేదు. రావాల్సిన డబ్బు తీసుకుంటూ, రసీదు మీద ‘తొలగింపును ప్రశ్నించే హక్కు నిలుపుకుంటూ’ అని ఒక ముక్క రాస్తే మంచిది. ‘నాకు కంపెనీ మీద ఏ క్లెయిమూ లేదు’ అని ముందే అచ్చువేసిన ఫుల్ అండ్ ఫైనల్ కాగితం ఇస్తే మాత్రం, సంతకం పెట్టే ముందు యూనియన్ వాళ్లకో లాయరుకో చూపించాలి.

తొలగింపు అన్యాయమనుకుంటే ముందు కార్మిక శాఖలోని కన్సిలియేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ తేలకపోతే విషయం ట్రిబ్యునల్‌కు చేరుతుంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో దీనికి మూడేళ్ల గడువు ఉండేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లకు తగ్గింది. కాబట్టి ‘చూద్దాంలే’ అని కూర్చోవడానికి లేదు. తొలగించిన ఉద్యోగి ఒక్కడే, యూనియన్ వెనక లేకపోయినా, నేరుగా లేబర్ కోర్టు తలుపు తట్టే వీలును దేశమంతటికీ 2010లో పార్లమెంటు ఇచ్చింది. మన దగ్గర అంతకు చాలా ముందే, 1987లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన సవరణతో ఇచ్చింది.

అక్కడ న్యాయాధికారి ఎంక్వైరీ సరిగ్గా జరిగిందా అన్నదే కాదు, తప్పుకు శిక్ష తగ్గట్టుగా ఉందా అన్నది కూడా చూడవచ్చు. మన స్టోర్స్ అసిస్టెంటు ఆ ప్రశ్న తప్పకుండా వేయవచ్చు. మూడు సంతకాలు తీసుకోనందుకు 14 ఏళ్ల సర్వీసు పోవాలా, ఇంక్రిమెంట్ ఆపితే సరిపోదా అని. కంపెనీ దగ్గరా జవాబు ఉంది: రెండుసార్లు చెప్పాం, మూడోసారి 38,000 పోయాయి. ఎవరి మాట నిలుస్తుందో ముందుగా చెప్పలేం. కానీ వాదన ఈ అసలు సంగతి మీద జరగాలంటే ఉత్తరం సరిగ్గా ఉండాలి. రుజువు కాని దొంగతనం, వెనక్కి జరిపిన తేదీ, చెప్పకుండా ఆపిన గ్రాట్యుటీ అందులో ఉంటే, వాటిని సరిచేయడానికే ఏళ్లు గడిచిపోతాయి. ఆయనకు ఇంట్లో జీతం ఉండదు, కంపెనీకి తల మీద కేసు దిగదు. షోకాజ్ నోటీసుకు వచ్చిన జవాబునూ ఎంక్వైరీ రిపోర్టునూ పక్కన పెట్టుకుని, సంతకం చేసే అధికారి ఒక అరగంట కూర్చుంటే ఆ మూడు తప్పులూ గేటు దాటవు.